మీ నాయనకు సెప్పొద్దు

మధ్యాహ్నం మా ల్యాబ్‌లో రద్దీ తగ్గే వేళకు తనకు నైట్ డ్యూటీ అయిపోతుంది. ఇంగ్లండులో అప్పుడు పొద్దున. ఆస్పత్రి బయట బస్సు కోసం నిలబడి ఫోన్ చేస్తుంది. ఆదోనిలో నేను అట్టపెట్టెలు పేర్చిన వెనక గదిలో స్టూల్ మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తాను. తను బ్రెడ్డు ముక్క కొరుకుతుంది, నేను అన్నం కలుపుకుంటాను. ఏళ్ళుగా మేమిద్దరం కలిసి తినేది ఆ పూటే. వాళ్ళకు చలికాలం వస్తే గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు. అప్పుడు నేను ఒక గంట ఆకలిని ఆపుకోవాలి. ఎండాకాలం వస్తే మళ్ళీ ముందుకొస్తుంది, చేతిలో సిరంజి ఉండగానే ఫోన్ మోగుతుంది.

మేమిద్దరం ఆడవాళ్ళమే. కర్నూలులో తను నర్సింగు, నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుకునేటప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నాం. తనది ఎమ్మిగనూరు, నాది ఆదోని. శనివారం ఒకే బస్సెక్కి వచ్చేవాళ్ళం. మా మధ్య ఉన్నది స్నేహం కాదని ఇద్దరికీ తెలిసిన తర్వాత కూడా, ఆ మాట పైకి అనడానికి చాన్నాళ్ళు పట్టింది. అన్న తర్వాత ఇంకెవరినీ అడగాల్సిన పని లేదనిపించింది. అప్పుడు మాకు అంతే తెలుసు.

తను ఇంగ్లండుకు పోయినాక దూరమే మా కష్టం అనుకున్నాను. దూరం కాదు. దూరానికి ఫోనుంది. ఇంట్లో వాళ్ళ మౌనానికి ఏదీ లేదు.

మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ‘ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో’ అని భయపడతారు. మా ఇంట్లో తెలిసిపోయి ఏమీ కాలేదు. అదే నా బాధ. సెలవు రోజు తను ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ టీవీ గొంతు తగ్గించి, ఏదో మరిచిపోయినదానిలా లేచి పెరట్లోకి పోతుంది. ఆరేసిన బట్టలు తీస్తుంది. ఆరకపోయినా తీస్తుంది. ఫోన్ పెట్టేసిన అలికిడి విని లోపలికొచ్చి, “అన్నంలోకి సారు కాగబెట్టేదా?” అంటుంది. ఎవరు చేసినారని అడగదు. నాయన పత్తి మిల్లులో బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసి మానుకున్న మనిషి. ఆ యంత్రాల హోరులో చెవి మందగించింది. తనకు అక్కర్లేనివి వినబడకుండా ఉండటానికి ఆయనకది బాగా పనికొచ్చింది. అన్న, వదిన మిద్దె మీద ఉంటారు. అన్న నా ముందు ఆమె పేరెత్తడు. “నీ స్నేహితురాలు” అంటాడు, ఆ ‘స్నేహితురాలు’ దగ్గర కొంచెం గొంతు తగ్గిస్తాడు.

ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. అయినా సంబంధాలు వస్తూనే ఉన్నాయి. ఆలూరు నుంచి ఒకరు, కృష్ణగిరి నుంచి ఒకరు. నేను వద్దంటే అమ్మ, “సరేలే, జాతకం కుదర్లేదంట” అని వాళ్ళకు కబురు పంపేది. వద్దన్నది నేను. తప్పు మాత్రం జాతకానిది. అట్లా పాపం ఆ జాతకం నాకోసం ఎంత మంది దగ్గర చెడ్డపేరు తెచ్చుకుందో.

ఒకసారి పట్టు పట్టినాను. అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, “అమ్మా, నేను ఎందుకు పెండ్లి వద్దంటాండానో నీకు తెలుసు కదా” అన్నాను.

అమ్మ చేటలో కందులు చెరుగుతూ తలెత్తలేదు. “తెలుసో తెల్దో. మీ నాయనకు మాత్రం సెప్పొద్దు. ఆయన గుండె సెదిరిపోతాది.”

అంటే తెలుసు. నాకు ఆ పూటంతా గాల్లో తేలినట్టు ఉండింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఫోన్లో తనతో చెప్పినాను. “అమ్మ తెలుసంది మే!”

“తెలుసందా? మీ నాయనకు సెప్పొద్దందా?”

“రెండూ.”

“రెండోదే అసలు మాట,” అంది తను. నాకు కోపమొచ్చింది. కానీ తనదే నిజమైంది.

కొన్ని నెలలకు నాయనను కంటి ఆపరేషనుకు తీసుకుపోయినాను. వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. పచ్చ గుడ్డ కట్టిన కన్ను పక్కకు తిప్పుకుని ఆయన ఉన్నట్టుండి అన్నాడు: “ఆ ఎమ్మిగనూరు పాప ఆడ సుఖంగా ఉందా?”

“ఉంది నాయనా.”

“నువ్వూ ఆడికే పోతావా?”

“పోవాలని ఉంది.”

ఆయన కంటి మీది గుడ్డ సర్దుకున్నాడు. తర్వాత, “మీ అమ్మకు సెప్పొద్దు. ఆమెకు బీపీ” అన్నాడు.

అన్న సంగతీ అంతే. స్కూటర్ మీద నన్ను ల్యాబ్ దగ్గర దింపుతూ, ఇంజను ఆపకుండానే, “నువ్వు ఎట్లన్నా ఉండు, అమ్మకూ నాయనకూ మాత్రం తెలియనీయొద్దు, వాళ్ళు తట్టుకోలేరు” అన్నాడు. నేను దిగి, నవ్వాలో ఏడవాలో తెలియక, రోడ్డు మీదే నిలబడినాను. ఒకే కప్పు కింద ముగ్గురు, ఒకే సంగతి, ఎవరికి వారు మిగిలిన వాళ్ళను దాన్నుంచి కాపాడుతున్నారు. మధ్యలో నోరు మూసుకోవాల్సింది నేను.

ఇంత చెప్పి, మేమిద్దరం ఎట్లా సర్దుకున్నామో చెప్పకపోతే సగమే అవుతుంది. మాకూ కొన్ని పద్ధతులు ఏర్పడినాయి. ఎదురుగా ఎవరైనా ఉంటే ఫోనెత్తి ముందుగా “మేడం, రిపోర్టు రెడీ” అంటాను. తను వెంటనే అర్థం చేసుకుని పెట్టేస్తుంది. ఫోన్లో ఫోటోలు ఉంచం. ఇంట్లో చిన్నపిల్లలు ఫోను లాక్కుని ఆడుకుంటారు కదా. చాటింగు వారానికోసారి చెరిపేస్తాం. తను నాకేమన్నా పంపాలంటే వదిన పేరు మీద పంపుతుంది. సెలవుకు వచ్చినప్పుడు ఎప్పుడన్నా హంపికో బెంగుళూరుకో పోతే గది తన ఒక్కదాని పేరు మీదే రాయిస్తాం, బస్సు టికెట్లు దిగంగానే చించేస్తాం. ఆ నేర్పు చూసి మాకు మేమే మెచ్చుకునేవాళ్ళం.

కిందటేడు తను సెలవు మీద వచ్చింది. ఈసారి రెండిళ్ళలోనూ నోరు తెరిచి చెబుదామని ముందే మాట్లాడుకున్నాం. తను ఎమ్మిగనూరులో దిగిన రోజు నుంచి నేను ఎదురు చూస్తున్నాను. చెప్పడానికి సందు దొరకలేదు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. తండ్రి లేడు. తల్లి, తమ్ముడు. తల్లి రోజుకొక ఇంటికి తీసుకుపోయింది. ఈ పూట పెద్దమ్మ ఇల్లు, రేపు కృతజ్ఞత ప్రార్థన, ఎల్లుండి పాస్టరుగారింట్లో భోజనం. సెలవులో సగం అట్లా కరిగిపోయింది. మౌనమంటే ఎవరూ మాట్లాడకపోవడం అనుకునేదాన్ని. మాట్లాడటానికి తీరిక లేకుండా చేయడం కూడా మౌనమేనని అప్పుడు తెలిసింది.

చివరికి ఒక ఆదివారం నేనే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయినాను. వాళ్ళమ్మ నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. ఆమె ఎప్పుడూ నన్ను తక్కువ చేసింది లేదు. మాంసం కూర, జొన్న రొట్టె పెట్టి, కొసరి కొసరి వడ్డించింది. తను స్నానానికి పోయినప్పుడు నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“పాపా, నీ మాట ఇంటాది అది. నువ్వన్నా సెప్పు. మంచి సంబంధం. పిలగాడు గల్ఫులో ఉండాడు. దీనికి ముప్పై దాటిపాయ. నువ్వు సెప్తే ఒప్పుకుంటాది.”

అడగరాని మనిషినే ఆమె అడిగింది. అది తెలియక అడిగిందా? ఆమె కళ్ళలోకి చూసినాను. ఆమె చూపు తిప్పుకోలేదు. తెలిసే అడుగుతోంది. నా చేతనే తెగ్గొట్టించాలని అడుగుతోంది, అది కూడా ప్రేమగా, ఇంకొక ముక్క కూర వేస్తూ.

“నేను సెప్పలేను పెద్దమ్మా,” అన్నాను.

“ఎందుకు సెప్పలేవు?”

అదే అదను. నోరు తెరిచినాను. “ఎందుకంటే నేనూ అదీ...”

“తిను తిను, సల్లారిపోతాది,” అని లేచి నీళ్ళ చెంబు తేవడానికి పోయింది. చెంబు నా పక్కనే ఉంది.

రెండు రోజులకు తను ఆదోనికి వచ్చింది. పొద్దున్నే మా అమ్మ ఉగ్గాని, బజ్జీ చేస్తోంది. తను వంటింట్లోకే పోయి, గోడకానుకుని, నేను ఆపేలోగా అనేసింది. “అమ్మా, నేనూ మీ పాపా కలిసి బతకాలనుకుంటాండాం. స్నేహితుల మాదిరి కాదు. ఆలుమగల మాదిరి. మీకు తెలుసు. మా నోటితో సెప్పాలని వచ్చినా.”

నూనెలో మిరపకాయ బజ్జీ చిటచిటమంది. అమ్మ గరిటెతో దాన్ని తిప్పింది. ఇంకొకటి వేసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఇద్దరినీ చూడకుండా, “పేట్లు తీస్కోండి” అంది. ప్లేట్లు తీసుకున్నాం. వడ్డించింది. తను కంచం పట్టుకుని అట్లాగే నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. అవి దుఃఖానివి కావు. కసి.

మధ్యాహ్నం తనను బస్సెక్కించడానికి స్టాండుకు పోయినాం. అక్కడే తగువు పెట్టుకున్నాం. ఆటోల హారన్ల మధ్య, నలుగురూ చూస్తుండగా, మెల్లగా నవ్వుతున్నట్టు మొహం పెట్టి కొట్లాడుకున్నాం. అది కూడా మాకు అలవాటే.

“నేనొక్కదాన్నే సెప్పినా. నువ్వు నా పక్కన నిలబడి ఒక్క మాటన్నా అన్నావా?”

“నువ్వు నాకు సెప్పకుండా ఉరికితివి. నాకు ఊపిరి తిరగనిచ్చినావా?”

“ఏళ్ళు గడిచినాయి మే. ఇంకెంత ఊపిరి కావాల నీకు?”

బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి నన్ను చూడలేదు. సెలవు ముగిసి, తను మళ్ళీ ఇంగ్లండుకు పోయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. తను ఆస్పత్రిలో ఉద్యోగం మీద ఉన్న మనిషి కాబట్టి, జీవిత భాగస్వామిని డిపెండెంటు వీసా మీద పిలిపించుకోవచ్చు. పెండ్లి సర్టిఫికెట్ ఉంటే పని సులువు. మన దేశంలో ఇద్దరు ఆడవాళ్ళకు పెండ్లి లేదు కాబట్టి ఆ దారి లేదు. పెండ్లి కాని జంటకు ఇంకొక దారి ఉంది. కనీసం రెండేళ్ళుగా ఆలుమగల మాదిరి బంధంలో ఉన్నట్టు చూపించాలి. ఒకే ఇంట్లో ఉండకపోతే ఎందుకు ఉండలేకపోయినారో చెప్పాలి. దూరంగా ఉన్నా బంధం నడుస్తున్నట్టు ఆధారాలివ్వాలి. మాట్లాడుకున్న ఫోన్లు, కలిసి తిరిగిన ఊర్లు, కలిసి దిగిన ఫోటోలు, ఒకరికొకరు పంపుకున్నవి, మా ఇద్దరి సంగతీ ఎరిగినవాళ్ళ మాట.

తను అక్కడ ఒక లాయరును కలిసి ఇవన్నీ కనుక్కుని, మధ్యాహ్నం ఫోన్లో ఒక్కొక్కటీ చెబుతోంది. నేను డబ్బా ముందు పెట్టుకుని వింటున్నాను.

“ఫోటోలు?”

“చెరిపేసినాం.”

“చాటింగు?”

“చెరిపేసినాం.”

“హంపి పోయిన టికెట్లు?”

డబ్బా మూత పెట్టేసినాను. అవతల బస్సు ఇంజను చప్పుడు వినబడుతోంది. నేను పంపినవన్నీ వాళ్ళ తమ్ముడు పంపినట్టు అతని పేరు మీద, తను పంపినవన్నీ మా వదిన పేరు మీద. హోటలు గది తన ఒక్కదాని పేరు మీద. ఇన్నేళ్ళూ ఏ కన్నూ పడకుండా దాచుకున్నాం. ఇప్పుడు వీసా ఇచ్చే దొర ఒకడు ‘చూపించండి, నమ్ముతాను’ అంటే, చూపించడానికి మా దగ్గర మేమిద్దరం తప్ప ఏమీ లేదు.

“ఎరిగినవాళ్ళ మాటుంది కదా,” అంది తను చివరికి. “ఇంట్లోవాళ్ళు ఒక్కరు రాసిస్తే సాలు. స్నేహితులు రాసినా పనికొస్తాదంట. కానీ ఇంట్లోవాళ్ళది బరువు. మీ అమ్మకు నేనే సెప్పినా. ఆమె రాయొచ్చు కదా?”

“మా అమ్మ రాసిస్తాదా? నీకు పిచ్చా?”

“అయితే ఎవరు రాస్తారు? మనకెవరూ లేరా?”

ఆ ప్రశ్నకు కోపంతోనే జవాబిచ్చినాను. ఏమన్నానో ఇప్పుడు రాయలేను. తనూ ఊరుకోలేదు. నీకు మీ ఇల్లే ముఖ్యం, నన్ను అట్టపెట్టెల గదిలో దాచుకోవడమే నీకిష్టం అంది. ఫోన్ పెట్టేసింది. మరుసటి రోజు చేయలేదు. నేనూ చేయలేదు. మా ఇంటి పద్ధతి మా ఇద్దరి మధ్యకూ వచ్చి కూర్చుంది. నాకు అది అన్నిటికన్నా భయమేసింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఫోన్ వైపు చూసి, తినకుండానే మూసేసేదాన్ని. ల్యాబ్‌లో సూది దించేటప్పుడు ఒక ముసలామె, “ఏమ్మా, నా మీద కోపమా?” అని అడిగింది. నా చేయి అంత మోటుగా ఉందన్నమాట.

అట్లాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి వరండాలో కొత్త చెప్పులు కనబడినాయి. లోపల ఎవరో పెద్దమనుషులు. అమ్మ నన్ను పక్క గదిలోకి లాగి, “మొహం కడుక్కో, ఆ నీలం సీర కట్టుకో, సూసి పోతారు అంతే” అంది. నాకు మాట మాత్రంగానైనా చెప్పలేదు. వచ్చినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ పిల్లగాడు పాపం బెదురు మొహంతో కూర్చున్నాడు. నేను ల్యాబ్ కోటుతోనే పోయి, నమస్కారం పెట్టి, “మీకు శ్రమ ఇచ్చినాం, క్షమించండి, నాకు పెండ్లి ఉద్దేశం లేదు” అన్నాను. వాళ్ళు కాఫీలు సగంలో పెట్టి లేచినారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగినాక నేను వాకిలి దగ్గరగా వేసినాను. మిద్దె మీదికి పిలుపేసి అన్నను, వదినను కిందికి రమ్మన్నాను. నాయనను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టినాను. అమ్మ వంటింట్లోకి పోబోతే చేయి పట్టుకుని ఆపినాను. జీవితంలో మొదటిసారి ఆమెను బలవంతంగా పట్టుకున్నాను.

“అమ్మా, నాయనకు సెప్పొద్దన్నావు. నాయనా, అమ్మకు సెప్పొద్దన్నావు. అన్నా, నువ్వు ఇద్దరికీ సెప్పొద్దంటివి. అందరికీ తెలుసు. ఈ పొద్దు అందరి ముందర సెప్తాండా. ఎమ్మిగనూరు పాపా నేనూ ఆలుమగలం అనుకోండి. నేను దానికాడికి పోతా. ఇంగ ఎవరినీ తీసుకురావద్దు. నాకూ అవమానమే, వచ్చినోళ్ళకూ అవమానమే.”

నేను అనుకున్నది వేరు. అరుస్తారని, లేదా కావలించుకుంటారని, ఏదో ఒకటి తెగుతుందని అనుకున్నాను. అమ్మ నాయన వైపు తిరిగింది. “నీకు తెలుసా?” అంది.

నాయన, “నీకు తెలుసా?” అన్నాడు.

ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం వచ్చింది. నా మీద కాదు! “ఇంత సంగతి నా దగ్గర దాస్తావా?” అని అమ్మ. “నువ్వు దాయలేదా?” అని నాయన. కాపురమంతా ఒకరికొకరు ఏం దాచుకున్నారో ఆ పూట బయటికొచ్చింది. నేను ఎంతో తెగించి చెప్పిన నా మాట వాళ్ళ తగువులో ఒక సాక్ష్యంగా మిగిలిపోయింది. నేను గట్టిగా, “నా సంగతి మాట్లాడండి!” అని అరిచినాను. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. “ఏం మాట్లాడాల? సెప్పేసినావు కదా. నోటితో అనకుండా ఉంటే మోసుకుంటా ఉంటిమి. ఇప్పుడు అన్నావు. ఇంగ ఎట్ల మొయ్యాల?” అంది. ఏడ్చింది. ఆమె మౌనం నాకు చెరలాగా ఉంటే, ఆమెకు అది మోసే పద్ధతి. ఆ మాట నాకు అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు. అర్థమైతే తగ్గుతుందని ఎవరన్నారో.

ఆ తర్వాత అమ్మ నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. అన్నం మాత్రం డబ్బాలో కట్టేది.

ఆ రాత్రి గడిచినాక, తెల్లవారి వదిన నీళ్ళ బిందె దించుతూ నాతో అంది. “నీకు సామాన్లొచ్చేది నా పేరు మీదనే గదా. నన్నెవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే నాకేం తెల్దని అందరూ అనుకుంటారు. నాకు అందరికన్నా ముందే తెలుసు. ఏమన్నా రాసియ్యాలంటే నేను రాసిస్తా. ఇంగ్లీషు రాదు, తెలుగులో రాస్తా.”

నాకు వదిన చేతులు పట్టుకోవాలనిపించింది. బిందె అడ్డమొచ్చింది.

మధ్యాహ్నం నేనే ఫోన్ చేసినాను. తను ఎత్తింది. “సెప్పినా,” అన్నాను. “అందరి ముందర.”

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత, “భోంచేసినావా?” అంది. ఇద్దరం ఏడ్చినాం, తిన్నాం.

వదిన రాసిచ్చింది. తన పేరు మీద వచ్చినవి ఎవరు ఎవరికి పంపినారో, ఎమ్మిగనూరు పాప మా ఇంటికి వచ్చినప్పుడు ఏ గదిలో ఉండేదో, అంతా తన అక్షరాలతో. దాన్ని ఇంగ్లీషులోకి మార్పించినాం. ఫోన్ కంపెనీ వాళ్ళు పాత ఫోన్ల వివరాలు కొన్ని ఇచ్చినారు. ఇంగ్లండులో తన కంప్యూటరు మూలన మేమిద్దరం హంపిలో దిగిన ఫోటోలు కొన్ని చెరిగిపోకుండా మిగిలినాయి. హాస్టల్‌లో మాతో చదివిన ఇద్దరు తమకు తెలిసింది రాసిచ్చినారు. ఎందుకు ఒకే ఇంట్లో ఉండలేదన్న చోట, ‘మా ఇండ్లల్లో ఈ మాట ఎవరూ పైకి అనరు, అందుకే ఏ ఆధారమూ మిగలలేదు’ అని నేనే రాసినాను. అది రాస్తుంటే సిగ్గేసింది. మా అమ్మ నోటికి వేసుకున్న గడియ గురించి ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాల్సి వచ్చింది.

హైదరాబాదుకు పోయి టీబీ లేదని ఎక్స్‌రే తీయించుకున్నాను. రోజూ పదిమందికి పరీక్షలు చేసేదాన్ని, అక్కడ నా ఊపిరి బిగబట్టమంటే భయమేసింది. వేలిముద్రలిచ్చి వచ్చినాను. ఇంకేవో కాగితాలు కావాలని ఒకసారి అడిగినారు. మళ్ళీ ఎదురుచూపు. కొన్ని వారాలకు వీసా వచ్చింది.

సంతోషం నిలబడలేదు. నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడ మీంచి పక్కింటామెతో మాట్లాడుతోంది. “మా పాపకు ఇంగ్లండులో ల్యాబు ఉద్యోగం వచ్చిందమ్మా.” చాన్నాళ్ళ తర్వాత అమ్మ నా గురించి అన్న మొదటి మాట అది. అబద్ధం. అన్న తన స్నేహితులతోనూ అదే అన్నాడు. నాయన టీ అంగట్లోనూ అదే. ఇంట్లో నోళ్ళు తెరిపించినాను అనుకున్నాను. నోళ్ళు తెరుచుకుని, అందరూ కలిసి కూడబలుక్కుని కొత్త అబద్ధం ఒకటి కట్టినారు. ఒక విధంగా అది వాళ్ళు మొదటిసారి నా గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం.

పోయే ముందు ఎమ్మిగనూరులో వాళ్ళమ్మకు చెప్పి రావాలని పోయినాను. ఆమె అప్పటికే సంచి సర్దిపెట్టింది. కారంపొడి, చింతపండు, కొర్రలు, కూతురికి ఒక చీర.

“ఉద్యోగానికి పోతాండావంట. దాన్ని కూడా కొంచెం సూసుకో పాపా,” అంది.

ఇంక నావల్ల కాలేదు. “ఉద్యోగానికి కాదు పెద్దమ్మా. దానికోసమే పోతాండా. దానితో కాపురం సేసేదానికి పోతాండా.”

ఆమె సంచి మూతి ముడివేస్తూ ఆగింది. కిటికీ వైపు చూసి, రెక్క దగ్గరగా వేసింది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, “తెలుసులే. గట్టిగా అనొద్దు. పక్కింటోళ్ళు ఉండారు” అంది.

ముడి ఇంకోసారి బిగించి, సంచి నా చేతికిచ్చింది. బరువుగా ఉంది. బస్సులో కూర్చుని తనకు ఫోన్ చేసి జరిగింది చెప్పినాను. తను పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. “నువ్వు నవ్వొద్దు,” అన్నాను, బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా. “మనకు ఇంతకన్నా ఎక్కువ రావాల.”

“రావాల,” అంది తను. “నువ్వు ముందు ఈడికి రా.”